పక్క గదిలోంచి చూసిన మనిషి మాట

తెలుగు నాట జూన్ 30 సాయంత్రం పదవీ విరమణ సభ జరిగే బడులు చాలానే ఉంటాయి. దానికి కారణం పాత అడ్మిషన్ రిజిస్టర్లలో ఉంది. 1960ల్లో పల్లెటూరి పిల్లల్ని బడిలో వేయడానికి తీసుకొచ్చిన తల్లిదండ్రుల్లో చాలామందికి బిడ్డ పుట్టిన తేదీ తెలియదు. వయసు అంచనా కట్టి, జూన్ ఒకటో జులై ఒకటో పంతులుగారే వేసేవారు. ఆ తేదీయే పదో తరగతి సర్టిఫికెట్‌లోకి, అక్కణ్నుంచి సర్వీసు పుస్తకంలోకి వెళ్లింది. ప్రభుత్వ ఉద్యోగి విరమణ వయసు నిండిన నెల చివరి రోజున దిగిపోవాలన్నది నిబంధన. ఒకటో తేదీన పుట్టినవారికైతే అంతకుముందు నెల ఆఖరి రోజే చివరిది. అలా జులై 1 వారు జూన్ 30న, జూన్ 1 వారు మే 31న దిగుతారు. మే 31 వేసవి సెలవుల్లో పడుతుంది కాబట్టి ఆ సభలో పిల్లలు పెద్దగా కనబడరు. జూన్ 30న మాత్రం బడి నడుస్తూ ఉంటుంది.

ఈ మధ్య ఇలాంటి సభలు ఒక్కసారిగా పెరగడానికి ఇంకో కారణం ఉంది. తెలంగాణలో 2021 మార్చిలో విరమణ వయసును 58 నుంచి 61కి పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 జనవరిలో 60 నుంచి 62కి పెంచారు. దాంతో అక్కడ మూడేళ్లు, ఇక్కడ రెండేళ్లు వయసు మీద దిగిపోయేవారు దాదాపు లేకుండా పోయారు. 2024లో రెండు చోట్లా విరమణలు మళ్లీ మొదలయ్యాయి. 1990ల్లో డీఎస్సీలు రాసి బడుల్లోకి వచ్చినవారు ఇప్పుడు వరసగా దిగుతున్నారు. వాళ్ల పక్కన పనిచేస్తున్నది 2018 డీఎస్సీ వారో, 2024, 2025లో వచ్చినవారో. వేదిక మీద పెద్దలందరి తర్వాత మైకు అందుకునే ఆ చిన్న టీచరు ఏం మాట్లాడాలి, ఆ మాట ఎలా తయారవుతుంది అన్నదే ఈ వ్యాసం.

సభ తీరు అందరికీ తెలిసిందే. ప్రధానోపాధ్యాయులు అధ్యక్షత వహిస్తారు. ఎంఈఓ, సర్పంచి, ఉపాధ్యాయ సంఘాల నాయకులు, పాత విద్యార్థులు ఒకరి తర్వాత ఒకరు మాట్లాడతారు. సన్మాన పత్రం చదువుతారు. భార్యాభర్తలిద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి దండలు వేస్తారు, శాలువాలు కప్పుతారు. ఆ తర్వాత భోజనాలు. ఇందులో ఎవరి పాత్ర వారిది. పుట్టిన ఊరు, చదువు, పనిచేసిన బడుల జాబితా, అందుకున్న అవార్డులు అన్నీ సన్మాన పత్రంలోనే ఉంటాయి. శాఖ తరఫున ఎంఈఓ కృతజ్ఞత చెబుతారు. సంఘం నాయకులు పోరాటాల్లో ఆమె పాలును గుర్తు చేస్తారు. పాత విద్యార్థులు తాము ఏమయ్యామో చెబుతారు.

కానీ ఆమె పాఠం చెబుతుండగా చూసినవారు ఆ వేదిక మీద ఎంతమంది? అధికారులు తనిఖీకి వచ్చి ఓ గంట చూసి ఉంటారు. విద్యార్థులు పిల్లలుగా ఉన్నప్పుడు చూశారు. అప్పుడు వాళ్లకు అందింది పాఠమే, దాని వెనక ఉన్న పనితనం కాదు. ఏళ్ల తరబడి పక్క గదిలో ఉండి, అదే పని తానూ చేస్తూ, ఆమె ఎలా చేస్తోందో గమనించిన మనిషి చిన్న సహోద్యోగి ఒక్కరే. అందుకే ఆ ఐదు నిమిషాల్ని 'అమ్మలాంటి మేడం', 'చిరునవ్వు చెరగని వ్యక్తిత్వం', 'ఆమె లేని లోటు తీర్చలేనిది' లాంటి మాటలకు ఖర్చుపెడితే చాలా పెద్ద నష్టం. ఆ పనితనం సర్వీసు పుస్తకంలో ఉండదు. చూసినవారు చెప్పకపోతే ఇంకెక్కడా మిగలదు.

ఒక బడిని ఊహించుకుందాం. కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో, ఆదోని వైపు, ఇద్దరు టీచర్ల మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల. ఇలాంటి బడిలో ఒకరు ఒకటి, రెండు తరగతులు చూస్తే మరొకరు మూడు, నాలుగు, ఐదు చూస్తారు. ఒకరు సెలవు పెడితే ఐదు తరగతులూ రెండోవారి మీదే. ఆ ప్రాంతంలో ఏటా పంట చేతికొచ్చే రోజుల్లో కూలి కుటుంబాలు గుంటూరు వైపు మిరప కోతలకు, పత్తి తీతలకు వలస వెళ్తాయి. కొందరు పిల్లలు కూడా వెళ్లిపోతారు. కొందరు ముసలివాళ్ల దగ్గరో, వలస పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టళ్లలోనో ఉండిపోతారు. పెద్ద టీచరు 1996లో ఉద్యోగంలో చేరారు. సర్వీసు పుస్తకంలో పుట్టిన తేదీ 1963 జులై 1. చిన్న టీచరు 2018 డీఎస్సీలో ఎంపికై, 2020లో ఈ బడికి వచ్చిన అమ్మాయి. సభ 2025 జూన్ 30న.

ఆ అమ్మాయి సభకు పది రోజుల ముందు కాగితం తీసుకుని కూర్చుంటే మొదట కలం మీదికి వచ్చేవి విశేషణాలే. ఓర్పు, క్రమశిక్షణ, అంకితభావం. వాటిని కొట్టేయనక్కర్లేదు. ఒక్కో మాట ఎదురుగా 'ఎప్పుడు చూశాను?' అని రాసుకుంటే చాలు. 'ఓర్పు' ఎదురుగా ఒక మధ్యాహ్నం, ఒక పిల్లవాడు, ఒక పలక గుర్తుకొస్తే ఆ సంఘటన ప్రసంగంలోకి వస్తుంది, విశేషణం పక్కకు తప్పుకుంటుంది. ఎదురుగా ఏమీ రాయలేకపోతే ఆ మాట విన్నదే తప్ప చూసింది కాదని తేలిపోతుంది. ఇలా వడగట్టాక ఆమె దగ్గర రెండే సంఘటనలు మిగిలాయనుకుందాం. ఐదు నిమిషాలకు రెండు ఎక్కువే.

ఆ ప్రసంగం ఇలా ఉండవచ్చు.

"అందరికీ నమస్కారం. మేడంతో కలిసి నేను పనిచేసింది ఐదేళ్లే. అంతకుముందు సంగతులు పెద్దలు చెప్పారు. నేను చూసినవి రెండు చెప్పి కూర్చుంటాను.

"కరోనా తర్వాత బళ్లు తెరిచినప్పుడు నా మూడో తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. ఏడాది పైగా బడి లేక అక్షరాలన్నీ చెదిరిపోయినాయి. 'ఆవు' అని రాయమంటే రోజూ ఒకటే తప్పు. 'వ' రాసి, కొమ్మును పక్కన పెట్టేవాడు. నేను దిద్ది, పక్కన సరిగ్గా రాసిచ్చేదాన్ని. వాడు చూసి బాగానే రాసేవాడు. మర్నాడు పలక మీద చూడకుండా రాయమంటే మళ్లీ పక్కనే. ఒకరోజు మధ్యాహ్నం మేడం వాడి పక్కన నేల మీద కూర్చున్నారు. తప్పని అనలేదు. 'నువ్వు రాసింది చదువు నాయనా' అన్నారు. వాడు 'ఆవు' అన్నాడు. 'నీ మనసులో ఉన్నది కాదు, పలక మీద ఉన్నది చదువు' అన్నారు. వాడు కాసేపు చూసి 'ఆమ' అన్నాడు. వాడికే నవ్వొచ్చింది. 'వ'కు కొమ్ము పక్కన పెడితే 'మ' అయిపోతుందని, అందుకే కిందికి దించాలని వాడికి వాడే కనుక్కున్నాడు. ఆ తర్వాత మేడం 'కోవు' రాయమన్నారు. అట్లాంటి మాటే లేదు. చూసి నేర్చుకున్న మాటల్లో కాకుండా, కొత్త మాటలో కూడా కొమ్ము కిందికే వస్తుందా అని చూడడానికి అడిగారు. వాడు కిందే పెట్టాడు. అప్పటిదాకా నేను ఏం తప్పో చూసేదాన్ని. ఆ పొద్దు నుంచి ఎందుకు తప్పో చూస్తున్నాను.

"రెండోది పచ్చ అట్ట నోటుపుస్తకం. నేను వచ్చిన కొత్తలో అది మేడం ఇంటి లెక్కల పుస్తకం అనుకున్నాను. వలస పోయే పిల్లల పేర్లు అందులో ఉంటాయి. పేరు, పోయిన తేదీ, పోయే రోజుకు వాడు ఏది చదవగలడు, ఎక్కడ ఆగుతాడు. 'గుణింతాలు వచ్చు, ఒత్తుల దగ్గర తడబడతాడు', 'కూడికలు వచ్చు, పదులు దాటితే వేళ్లు చాలవు' — ఇట్లా ఒక్కో లైను. మార్చిలో వాళ్లు తిరిగొచ్చేసరికి తరగతి ఎక్కడికో పోయి ఉంటుంది. మేడం వాళ్లను తరగతితో పరుగెత్తమనరు. పుస్తకం తీసి, ఆగిన చోటి నుంచి రోజూ మధ్యాహ్నం అరగంట కూర్చోబెట్టుకుంటారు. ఐదేళ్లలో వలస పోయి వచ్చి, మళ్లీ బడికి రాకుండా ఆగిపోయిన పిల్లలు మా బళ్లో ఇద్దరే. ఆ ఇద్దరి పేర్లు కూడా ఆ పుస్తకంలో ఉన్నాయి. వాళ్లింటికి ఎన్నిసార్లు పోయారో కూడా రాసుకున్నారు.

"నిన్న మేడం ఆ పుస్తకం నాకిచ్చారు. రేపటి నుంచి పని సర్దుబాటు మీద ఇంకో టీచరు వచ్చేదాకా ఐదు తరగతులూ నావే. కొత్తగా వచ్చేవారికి ఈ పుస్తకం ఎట్లా రాయాలో నేను చూపిస్తాను. నాకు అంతుపట్టని పిల్లోడు ఎవరైనా ఉంటే మేడానికి ఫోన్ చేస్తాను, ఎత్తాలి. సార్, మేడాన్ని ఇన్నేళ్లు మా బడికి పంపినందుకు మీకూ, పిల్లలకూ మా నమస్కారాలు."

గట్టిగా చదివితే ఇది మూడున్నర, నాలుగు నిమిషాలు పడుతుంది. ఇందులో ఎక్కడా 'గొప్ప ఉపాధ్యాయురాలు' అన్న మాట లేదు. విన్నవారికి ఆ సంగతి దానంతటదే తెలుస్తుంది. మొదటి సంఘటనలో బోధన ఉంది, అదీ ఏదో ఒక బోధన కాదు, తెలుగు లిపిలో పిల్లల్ని ఇబ్బంది పెట్టే ఒక నిర్దిష్టమైన చోటు. చాలా హల్లులకు కొమ్ము పక్కన వస్తుంది. ప, ఫ, వలకు మాత్రం కిందికి దిగుతుంది. 'వ' పక్కన కొమ్ము ఉంటే అది 'మ' రూపంలోకి వెళ్లిపోతుంది. సభలో ఉన్న టీచర్లకు అది వెంటనే తగులుతుంది. తల్లిదండ్రులకు తమ పిల్లల పలకలు గుర్తుకొస్తాయి. ఇంత చిన్న విషయం వేదిక మీద చెప్పడమా అని చాలామంది చిన్న టీచర్లు వెనకాడతారు. చిన్నదవడమే దాని బలం. పెద్ద మాటలు ఎవరైనా చెప్పగలరు. ఈ సంగతి చెప్పగలిగేది ఆ గదిలో ఉన్న మనిషే.

ప్రసంగంలో తనను తాను ఎంత పెట్టుకోవాలన్నది అసలు చిక్కు. పూర్తిగా తప్పుకుంటే సాక్ష్యం చెప్పేవారే ఉండరు. ఎక్కువైతే సభ ఆమెది కాకుండా ఈమెది అవుతుంది. పై ప్రసంగంలో 'నేను' అన్న మాట వచ్చిన చోట్లు చూస్తే ఆమె చూడ్డానికో, నేర్చుకోవడానికో, ఇకముందు చేయబోయేది చెప్పడానికో వాడింది. తను ఎంత బాధపడుతోందో, ఉద్యోగంలో చేరిన రోజు తను ఎంత భయపడిందో చెప్పలేదు. ఏ వాక్యం తీసుకున్నా దాని చివర కనిపించేది పెద్ద టీచరో, పిల్లవాడో. కాగితం మీద దాన్ని సరిచూడడం తేలికే. 'నేను' ఉన్న వాక్యాలన్నిటి కిందా గీత గీసి, ఆ వాక్యం తీసేస్తే పెద్ద టీచరు గురించిన సంగతి ఏదైనా పోతోందా అని చూడాలి. ఏమీ పోకపోతే వాక్యమే తీసేయవచ్చు.

వదిలేయాల్సినవి మరికొన్ని ఉన్నాయి. ఇంటి సంగతులు, జబ్బులు, కుటుంబంలో పడ్డ కష్టాలు ఆమె నోటి నుంచి సభలో వస్తే వేరు. స్టాఫ్ రూమ్‌లో నమ్మి చెప్పినవి మైకులో చెప్పకూడదు. బదిలీల్లో జరిగిన అన్యాయాలు, రాని ప్రమోషన్లు నిజమే కావచ్చు. అవి మాట్లాడడానికి సంఘం వేదికలు ఉన్నాయి. ఈ సాయంత్రం వాటిని ఎత్తితే ఎదురుగా కూర్చున్న అధికారి జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది, సభ అటు మళ్లిపోతుంది. ఇక కొట్టి చదువు చెప్పిన ముచ్చట్లు. పాత విద్యార్థులు ఆ దెబ్బల్ని మురిపెంగా తలుచుకుంటారు, వాళ్ల జ్ఞాపకం వాళ్లది. చిన్న టీచరు మాత్రం దాన్ని పొగడ్తగా అందుకోకూడదు. 2009 విద్యా హక్కు చట్టం పిల్లల్ని శారీరకంగా దండించడాన్ని నిషేధించింది. రేపు అదే బడిలో పాఠం చెప్పాల్సిన మనిషి, ఎదురుగా పిల్లలు కూర్చుని ఉండగా, బెత్తాన్ని గురువు గొప్పతనం కింద చెప్పడం సరికాదు.

ఐదేళ్ల పరిచయం ఉన్నవారికి అంతకుముందు పాతికేళ్ల గురించి ఒక్క మాటైనా చెప్పాలని ఉంటుంది. అది విన్న కథలతో కాకుండా బడిలోనే ఉన్న కాగితంతో చెప్పవచ్చు. అడ్మిషన్ రిజిస్టర్ బడిలో శాశ్వతంగా ఉండాల్సిన రికార్డు. పిల్లల వరస సంఖ్య, పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ, చేరిన తేదీ, తరగతి, బడి విడిచిన తేదీ అందులో ఉంటాయి. చాలాకాలం ఒకే ఊళ్లో పనిచేసిన టీచరు విషయంలో ఒక పని చేసి చూడవచ్చు. ప్రధానోపాధ్యాయుల అనుమతితో రిజిస్టర్ తీసి, ఇప్పుడు ఒకటో తరగతిలో ఉన్న పిల్లల తల్లిదండ్రుల పేర్లు పాత పేజీల్లో వెతకాలి. తల్లి పేరు, బిడ్డ పేరు రెండూ ఒకే చేతిరాతలో దొరికితే, ఆ టీచరు రెండు తరాలకు అక్షరాలు దిద్దించిందని తెలుస్తుంది. ఆ తల్లి సభలోనే ఉంటే ముందుగా ఆమెను అడిగి, ఒప్పుకుంటే పేరు చెప్పవచ్చు. ఒక హెచ్చరిక ఉంది. రిజిస్టర్‌లో కులం, తల్లిదండ్రుల వృత్తి కూడా రాసి ఉంటాయి. పేజీని ఫోటో తీసి తెర మీద వేయడం, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం తప్పు. బడి విడిచిన తేదీ పక్కన కారణం రాసి ఉంటే దాన్నీ బయట చదవకూడదు.

పెద్ద టీచరు మూడేళ్ల కిందటే బదిలీ మీద వచ్చి ఉంటే ఈ దారి పనిచేయదు. అప్పుడు పాత బళ్లో ఆమెతో పనిచేసిన ఒకరికి ఫోన్ చేసి, 'మేడం అక్కడ ఏం చేసేవారు' అని కాకుండా 'మేడం దగ్గర మీరు నేర్చుకున్న ఒక పని చెప్పండి' అని అడగాలి. మొదటి ప్రశ్నకు పొగడ్త వస్తుంది. రెండో ప్రశ్నకు సంఘటన వస్తుంది. ఆ మాట వాడుకుంటే ఎవరు చెప్పారో వేదిక మీద చెప్పడం మర్యాద. బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆయమ్మను అడగడం ఇంకా మంచిది. తరగతి గది బయట టీచరు పిల్లలతో ఎలా ఉంటుందో, ఎవరి కంచం దగ్గర ఆగి ఎవరిని ఏం అడుగుతుందో ఆమె చూసినంతగా టీచర్లు కూడా చూసి ఉండరు.

పిలుపు విషయంలో తడబాటు సహజం. ఊరివాళ్లకు ఆమె టీచరమ్మ. రోజూ స్టాఫ్ రూమ్‌లో చిన్న టీచరు ఆమెను 'అక్కా' అనే పిలుస్తూ ఉండవచ్చు. వేదిక మీద అందరి ముందు 'మేడం' అంటూ వచ్చి, ఆఖరున ఒక్కసారి 'అక్కా' అంటే వినడానికి బాగుంటుంది. మొదటి నుంచీ అదే అంటే వినేవారికి ఇద్దరి మధ్య చనువు ముందు కనబడుతుంది, పని వెనక్కి పోతుంది. ఆమె భర్త పక్కనే కూర్చుని ఉంటారు కాబట్టి ఆయన్ని ఒక వాక్యంలోనైనా పలకరించాలి. ఒకటి చాలు.

ఇక చెప్పే వేళ. శాలువాలు మొదలయ్యాక ఎవరి మాటా వినబడదు. ఫోటోల కోసం జనం వేదిక ఎక్కుతారు, వెనక వంటపాత్రల మూతలు తీస్తారు. చిన్న టీచరు చాలావరకు బడి తరఫున ఏర్పాట్లు చూస్తూ తన మాటను ఆఖరికి నెట్టుకుంటుంది. అలా చేయకుండా, సన్మాన పత్రం చదివిన వెంటనే తనకు సమయం ఇవ్వమని అధ్యక్షులను ముందురోజే అడిగి పెట్టుకోవాలి. పత్రంలో సర్వీసు వివరాలన్నీ వచ్చేసి ఉంటాయి, కాబట్టి ఆమె నేరుగా పలక దగ్గరికి వెళ్లవచ్చు.

రాసింది చేతిలో ఉంచుకోవడంలో తప్పు లేదు. పెద్ద అక్షరాలతో, ఒక్కో సంఘటన ఒక్కో పేజీలో ఉండాలి. ముందురోజు ఇంట్లో ఎవరికైనా వినిపిస్తే గొంతు ఎక్కడ పట్టేస్తుందో తెలుస్తుంది. ఆ వాక్యాన్ని కొట్టేయకూడదు, ఆఖరుకూ పెట్టకూడదు. దాని తర్వాత పిల్లవాడు నవ్విన మాటలాంటిది ఒకటి ఉండేలా సర్దుకుంటే అక్కడ ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ మొదలుపెట్టడానికి వీలవుతుంది. సభ అయ్యాక ఆ కాగితాలు జ్ఞాపికతో పాటు ఆమెకు ఇవ్వాలి. ఆ సాయంత్రం ఎదురుగా వందమంది ఉండగా, మెడలో దండలతో కూర్చున్న మనిషి చెవిన సగమే పడుతుంది. ఇంటికి వెళ్లి, దండలు తీసి పక్కన పెట్టాక తీరిగ్గా చదువుకుంటుంది. ఆ పిల్లవాడి పేరు తనకూ గుర్తుందని మర్నాడు ఫోన్ చేసి చెప్పినా చెప్పవచ్చు.